మేనమామ ఎనిమిది వరహాలు: ఎరుకల ఓలిలో దాగిన బంధుత్వపు లెక్క

పెళ్లిచూపుల్లో ఈ రోజుల్లో వినిపించే మొదటి ప్రశ్న "ఎంత ఇస్తారు?" అన్నది. మన తాతల కాలంలోనూ ఇదే ప్రశ్న ఉండేది. కాకపోతే అడిగేది ఆడపిల్లవాళ్లు, ఇచ్చేది మగపిల్లవాడి ఇల్లు. ఆ ఇచ్చేదాని పేరు ఓలి. కాలేజీకి వెళ్లే మన పిల్లలు కొందరు ఈ మాట ఎత్తితే తల దించుకుంటారు. "మనవాళ్లు ఆడపిల్లల్ని అమ్ముకునేవాళ్లట కదా" అని తోటివాళ్లు అంటే ఏం చెప్పాలో వాళ్లకు తెలియదు. ఆ మాట నిజమో కాదో ఆవేశంతో తేల్చేది కాదు. లెక్క వేసి చూడవచ్చు. అదృష్టవశాత్తూ ఎరుకల ఓలి లెక్క అంకెలతో సహా రాతలో మిగిలింది.

ఆ రాత ఎక్కడిదో ముందు చెప్పాలి. ఎడ్గర్ థర్‌స్టన్ అనే ఆయన మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి సూపరింటెండెంటుగా పనిచేశాడు. కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం తయారు చేసి 1909లో వెలువరించాడు. మనల్ని ఆయన కొరవలు అనే శీర్షిక కింద పెట్టి, తెలుగునాట వీళ్లనే ఎరుకలవాళ్లు అంటారని రాశాడు. ఆ భాగం చదువుతుంటే కడుపు మండుతుంది. పోలీసు అధికారులు రాసుకున్న వివరాలు అందులో చాలా చోట్ల దొర్లుతాయి. దొంగతనాలు ఎలా చేస్తారు, సొమ్ము ఎక్కడ దాస్తారు అన్న సంగతులే పేజీలకు పేజీలు. ఉత్తరాదిలో 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఈ పుస్తకం దానికి రెండేళ్ల ముందుది. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. అందుచేత ఆ రాతల్లో మన గురించి చెప్పిన ప్రతిదాన్నీ ఇది ఎవరి కళ్లతో చూసింది అని అడుగుతూ చదవాలి. అయితే పెళ్లి ఖర్చు గురించిన ఒక చిన్న పేరాలో ఎవరి అభిప్రాయమూ లేదు, నాలుగు అంకెలు మాత్రమే ఉన్నాయి. రాసినవాడికి వాటి అర్థం పట్టినట్టు లేదు గానీ అంకెలు మాత్రం మనకు మిగిలాయి.

ఆ పేరా సారాంశం ఇది. భార్యకు కట్టే ఓలి ఇరవై వరహాలు. ఒక ఇంట్లో పుట్టిన మొదటి ఇద్దరు ఆడపిల్లల్ని తన కొడుకులకు చేసుకునే హక్కు ఆ పిల్లల మేనమామది. ఆ హక్కు విలువ ఇరవైలో ఎనిమిది వరహాలు. మేనమామ తన హక్కు వాడుకుని మేనకోడళ్లను కోడళ్లుగా తెచ్చుకుంటే ఒక్కో పిల్లకు ఇరవై కట్టనక్కర్లేదు, పన్నెండు కడితే చాలు. కొడుకులు లేకనో, ఇంకో కారణం చేతనో హక్కు వదులుకుంటే, ఆ పిల్లను చేసుకున్న బయటివాళ్లు కట్టిన ఇరవైలోంచి ఎనిమిది వరహాలు మేనమామకు వెళ్తాయి.

వరహా అంటే పాతకాలపు బంగారు నాణెం. కుంఫిణీవాళ్లు 1818లో రూపాయిని ప్రధాన నాణెంగా చేసినప్పుడు వంద మద్రాసు వరహాలకు మూడువందల యాభై రూపాయల మారకం పెట్టారు. అంటే వరహాకు మూడున్నర రూపాయలు. ఆ లెక్కన ఇరవై వరహాలు డెబ్బై రూపాయలు, మామ వాటా ఇరవై ఎనిమిది రూపాయలు. వరహా చెలామణీ పోయాక కూడా ఓలిని ఆ పేరుతోనే చెప్పుకున్నారంటే, అది సంతలో రోజూ మారే ధర లాంటిది కాదని అనుకోవచ్చు. ఎద్దు ధర ఏ ఏటికి ఆ ఏడు మారుతుంది. ఇరవై అన్నది మాత్రం కులంలో అందరికీ ఒకటే.

ఇక లెక్కలోకి వెళ్దాం. పేర్లు పెట్టకుండా ఇద్దరు తోబుట్టువుల్ని ఊహించుకోండి, ఒక అన్న, ఒక చెల్లెలు. అన్నకు ఇద్దరు కొడుకులు. పెళ్లయి వేరే ఇంటికి వెళ్లిన చెల్లెలికి ముగ్గురు కూతుళ్లు. పెద్ద పిల్లలిద్దరి మీదా అన్నకు హక్కుంది. మూడో పిల్ల మీద లేదు.

మొదటి దారి: అన్న తన హక్కు వాడుకున్నాడు. మేనకోడళ్లిద్దరినీ తన కొడుకులకు చేసుకున్నాడు. ఒక్కొక్కరికి పన్నెండు చొప్పున చెల్లెలి ఇంటికి ఇరవై నాలుగు వరహాలు కట్టాడు. ఇద్దరు కొడుకుల పెళ్లిళ్లకు ఓలి రూపంలో అతనికైన ఖర్చు ఇరవై నాలుగు.

రెండో దారి: పిల్లల ఈడు కుదరలేదు. అన్న హక్కు వదులుకున్నాడు. చెల్లెలు కూతుళ్లిద్దరినీ బయటివాళ్లకు ఇచ్చింది. వచ్చిన ఓలిలోంచి ఒక్కో పెళ్లికి ఎనిమిది చొప్పున పదహారు వరహాలు అన్న చేతికి వచ్చాయి. అన్న కొడుకులకూ పెళ్లిళ్లు కావాలి కదా, బయటి ఇళ్లనుంచి ఇద్దరు కోడళ్లను తెచ్చుకుని ఇరవై చొప్పున నలభై కట్టాడు. నలభైలోంచి పదహారు తీసేస్తే మళ్లీ ఇరవై నాలుగే.

ఇప్పుడు చెల్లెలి ఇంటి వైపు నుంచి చూడండి. మొదటి దారిలో ఇద్దరు కూతుళ్లకు పన్నెండు చొప్పున ఇరవై నాలుగు వచ్చాయి. రెండో దారిలో బయటివాళ్లు నలభై ఇచ్చారు, అందులో పదహారు అన్నకు పోయాయి, మిగిలింది ఇరవై నాలుగు. మూడో పిల్లకు ఏ దారిలోనైనా ఇరవై పూర్తిగా ఇంట్లోనే ఉంటాయి. ఎటు చూసినా చెల్లెలి ఇంటికి నలభై నాలుగే.

నేను ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు తప్పు వేశానేమోనని మళ్లీ మళ్లీ కూడాను. తప్పు లేదు. మేనరికం చేసుకున్నా మానుకున్నా డబ్బు విషయంలో ఏ ఇంటికీ లాభం లేదు, నష్టం లేదు. ఎనిమిది అన్న అంకె ఆ పని చేస్తోంది. అది లేకపోతే ఏమయ్యేదో ఊహించండి. మేనమామ హక్కంటూ ఉండి, వదులుకుంటే పైసా రాకపోతే, అవసరం ఉన్నా లేకపోయినా అతను మేనకోడల్ని పట్టుబట్టి తెచ్చుకునేవాడు, వదులుకుంటే నష్టం గనక. అలాగే మామ కూడా ఇరవై పూర్తిగా కట్టాల్సి ఉండి, బయటి సంబంధంలో అతనికి వాటా లేకపోతే, ఆ హక్కుకు ఊరికే ఒక మాట విలువ తప్ప ఇంకేం ఉండదు. ఎనిమిది వరహాలు ఈ రెండు చిక్కుల్నీ తప్పించాయి. పిల్లను ఇచ్చుకోవాలా వద్దా అన్నది ఈడు, జోడు, ఇళ్ల మధ్య సఖ్యత చూసి తేల్చుకోవచ్చు. డబ్బు ఆ మాటల్లో అడ్డం రాదు.

అమ్మకం అన్న మాట ఇక్కడే చెడుతుంది. ఎద్దును అమ్మినవాడికి ఆ ఎద్దు దూడల మీద హక్కుండదు. ఇక్కడ చెల్లెల్ని ఇచ్చిన ఇంటికి, ఆమె కన్న ఆడపిల్లల మీద ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఎనిమిది వరహాల హక్కుంది. అంటే ఓలి పుచ్చుకున్నంత మాత్రాన పుట్టింటితో ఆమె సంబంధం తెగలేదు. ఇంగ్లండు మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ ఆఫ్రికా తెగల మధ్య పనిచేసి, 1931లో ఇదే సంగతి మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. పెళ్లికి ఇచ్చే సొమ్మును 'ధర' అంటే కొనుగోలు అన్న అపోహ కలుగుతుంది, ఆ మాట మానేద్దాం అని ఆయన సూచించాడు. తర్వాత ఆ రంగంలో వధువు ధర అన్న మాట వెనక్కి పోయి, వధువు కోసం ఇచ్చే సంపద అన్న అర్థం వచ్చే మాట వాడుకలోకి వచ్చింది. మన ఓలి అన్న మాటకు ఏ సవరణా అక్కర్లేదు, దాన్ని ఇంగ్లీషులోకి మార్చినప్పుడే గొడవ వచ్చింది.

ఇంకో మెట్టు లోపలికి వెళ్దాం. చెల్లెలి పెళ్లి నాడు ఏం జరిగిందో వెనక్కి వెళ్లి చూస్తే లెక్క ఇంకా రంజుగా ఉంటుంది. ఆమె కూడా తన ఇంట్లో పెద్ద పిల్లే అనుకుందాం. ఆమె కోసం వచ్చిన ఇరవై వరహాల్లో ఎనిమిది ఆమె మేనమామకు వెళ్లాయి. పుట్టింట్లో మిగిలింది పన్నెండు. ఆ పన్నెండు ఎందుకు పనికొస్తుందంటే, అన్నకు కోడలు పిల్లను తేవడానికి. ఓలి ఉన్న చాలా తెగల్లో ఆడబిడ్డ ఓలితో మగబిడ్డ పెళ్లి అన్నది మామూలు మాట. మానవశాస్త్రవేత్త జాక్ గూడీ 1973లో దీన్ని చేతులు మారుతూ తిరిగే నిధి అని వర్ణించాడు. డబ్బు ఒక ఇంట్లో ఆగదు. ఆడపిల్ల వెళ్లిన దారికి ఎదురు దారిలో ఇల్లిల్లూ తిరుగుతుంది.

అయితే అన్నకు కావలసింది ఇరవై, చేతికొచ్చింది పన్నెండు. మిగతా ఎనిమిది ఏదీ? అది రావలసి ఉంది, కానీ ఇప్పుడే కాదు. చెల్లెలు కాపురం చేసి, పిల్లల్ని కని, పెంచి, పెద్దమ్మాయికి పెళ్లి చేసిన రోజున వస్తుంది. అంటే చెల్లెలి ఓలి ఒక్క రోజులో తీరలేదు. పన్నెండు ఆమె పెళ్లి రోజున, తరువాతి భాగం ఆమె కూతుళ్ల పెళ్లి రోజున. అలాంటి పెళ్లి పందిట్లో రెండు బాకీలు తీరుతున్నాయన్నమాట, ఒకటి ఇప్పటి పెళ్లికూతురి కోసం, ఒకటి పాతికేళ్ల నాడు ఇల్లు దాటిన ఆమె తల్లి కోసం. అందుకే పందిట్లో మూడు ఇళ్లు ఉండి తీరాలి: పెళ్లికొడుకు ఇల్లు, పెళ్లికూతురి తండ్రి ఇల్లు, ఆమె తల్లి పుట్టిల్లు. మేనమామ రాని పెళ్లి పెళ్లి కాదని ముసలివాళ్లు అనడం వట్టి మర్యాద మాట కాదు. అతనికి తీర్చవలసింది అక్కడ ఉంది.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో రాసిన కానుకల వ్యాసం మీలో డిగ్రీలో సోషియాలజీ చదివినవాళ్లు విని ఉంటారు. కానుకలో మూడు బాధ్యతలున్నాయని ఆయన వాదన: ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి. పైకి ఇష్టంగా ఇచ్చినట్టు కనిపించినా మూడూ తప్పనివే. కానుకకు, తిరుగు కానుకకు మధ్య కొంత వ్యవధి ఉంటుందని కూడా ఆయన గమనించాడు. అప్పటికప్పుడు తిరిగి ఇచ్చేస్తే బేరం తెగిపోయినట్టే. వ్యవధి ఉంటే ఆ మధ్యలో రాకపోకలుంటాయి, పండగకు పిలుపులుంటాయి, కష్టానికి ఆదుకోవడం ఉంటుంది. ఎరుకల ఓలిలో ఆ వ్యవధి ఒక తరం. చెల్లెలు కాపురం సవ్యంగా సాగితేనే, ఆమె పిల్లలు బతికి పెద్దవాళ్లయితేనే అన్నకు తన వాటా దక్కుతుంది. అంటే చెల్లెలు మెట్టినింట్లో ఎలా ఉందో కనుక్కుంటూ ఉండడానికి అన్నకు ప్రేమతో పాటు ఒక కారణం కూడా ఉంది. ప్రేమను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ప్రేమ తగ్గిన ఇంట్లో కూడా ఆ కారణం పనిచేస్తుంది, అంతే.

మేనరికం అనగానే తెలుగువాళ్లలో చాలామందికి తట్టేది, కుర్రాడు తన మేనమామ కూతుర్ని చేసుకోవడం. మనం చూస్తున్నది దానికి ఎదురు దిక్కు. ఇక్కడ కుర్రాడు తన మేనత్త కూతుర్ని చేసుకుంటున్నాడు. రెండూ బావామరదళ్ల పెళ్లిళ్లే, తేడా ఏముంది అనిపించవచ్చు. తేడా ఉంది. మేనమామ కూతుర్ని చేసుకునే చోట తరతరానికీ ఆడపిల్లలు ఒకే ఇంటినుంచి ఒకే ఇంటికి వస్తారు. ఇచ్చే ఇల్లు ఎప్పుడూ ఇచ్చేదే, పుచ్చుకునేది ఎప్పుడూ పుచ్చుకునేదే. మేనత్త కూతురి పెళ్లిలో ఒక తరంలో వెళ్లిన ఆడపిల్లకు బదులు తరువాతి తరంలో ఆమె కూతురు తిరిగి వస్తుంది. ఇచ్చినవాళ్లు పుచ్చుకునేవాళ్లు అవుతారు. లెవీ-స్ట్రాస్ అనే ఇంకో ఫ్రెంచి పండితుడు 1949లో బంధుత్వం మీద పెద్ద గ్రంథం రాసి, ఈ రెండో రకాన్ని కాస్త చిన్నచూపు చూశాడు. బాకీ ఇంత త్వరగా తీరిపోతే ఎక్కువ ఇళ్లను కలిపే పొడవాటి గొలుసు తయారవదని ఆయన అభ్యంతరం.

మన లెక్క ఆయన ముందుంటే ఏమనేవాడో గానీ, నాకు మాత్రం ఆ అభ్యంతరానికి ఇందులో జవాబు కనిపిస్తుంది. హక్కు మొదటి ఇద్దరు పిల్లల మీదే. మూడో పిల్ల, నాలుగో పిల్ల ఎక్కడికైనా వెళ్లవచ్చు. మొదటి ఇద్దరూ కూడా ఎనిమిది వరహాల మీద విడుదల కావచ్చు. అంటే ఇంటికి దగ్గరి ముడి ఒకటి ఉంటూనే దూరపు ముడులకూ చోటుంది. ఎరుకల్లో ఉప్పు ఎరుకలవాళ్లు ఉప్పు, ధాన్యం గాడిదల మీదా ఎడ్ల మీదా వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకు తిరిగిన వర్తకులు. రైలు, ఉప్పు మీద సర్కారు పెత్తనం వాళ్ల బతుకును దెబ్బతీశాయి. అలా తిరిగేవాళ్లకు దారి పొడుగునా బంధువులుండడం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. పిల్లలందర్నీ మేనమామ ఇంటికే కట్టేస్తే ఆ దారులు మూసుకుపోతాయి. హక్కును ఇద్దరితో ఆపడం వెనక ఈ అవసరం ఉండి ఉంటుందని నా ఊహ. ఊహ మాత్రమే.

ఇంత చక్కని లెక్క ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది మన గొప్పల జాబితా అవుతుంది.

మొదటిది, ఇరవై అన్నది కదలకూడదు. ఒక బయటి సంబంధం వాడు ఇరవై కాదు, ముప్పై ఇస్తానన్నాడనుకోండి. మామ వాటా ఎనిమిదే అయితే పిల్ల తండ్రికి ఇరవై రెండు మిగులుతాయి. మేనమామ కొడుక్కి ఇస్తే పన్నెండే. అంతవరకూ సమంగా ఉన్న తక్కెడ ఒక్కసారి ఒక వైపుకు ఒరుగుతుంది. తండ్రి బయటికి ఇవ్వాలంటాడు, మామ నా హక్కు అంటాడు. అందుకే ఓలిని కులమంతటికీ ఒకే అంకెగా కట్టి ఉంచడం పెద్దల మొండితనం కాదు. ఆ అంకె కదిలితే అన్నాచెల్లెళ్ల మధ్య తగాదా పుడుతుంది. ఓలి ఇంటింటికీ వేరు వేరు మొత్తంగా మారిందని మీ ప్రాంతంలో ముసలివాళ్లు చెబితే, అప్పటికే ఈ ఏర్పాటు ఊగిసలాడుతోందని గుర్తు.

రెండోది, చేతిలో లేని డబ్బు. ఒక్కసారి కట్టలేక ఓలిని వాయిదాల్లో తీర్చడం చాలా తెగల్లో ఉన్నదే. గోండుల్లోనయితే ఇవ్వలేని పెళ్లికొడుకు అత్తవారింట కొన్నేళ్లు పనిచేసి ఆ మేరకు తీర్చుకునే వీలుంది. వాయిదాలు ఉన్నప్పుడు అంకెలు ఎంత సరిగ్గా ఉన్నా, ఎవరు ఎప్పుడు ఇచ్చారన్నది నోటి మాట మీద నడుస్తుంది. పెద్దమనిషి చనిపోతే లెక్క అతనితో పోతుంది. కులపంచాయతీల ముందుకు ఓలి తగాదాలు వచ్చేది ఎక్కువగా ఇలాంటి పాత బాకీల మీదే. విడిపోయిన ఆలుమగల తగాదా కూడా ఇక్కడికే వస్తుంది. ఆమె మారుమనువు వెళ్తే పాత భర్తకు కొత్త భర్త ఓలి తిరిగి కట్టాలన్నది ఓలి ఉన్న చోట్ల వినిపించే నియమం. దీనివల్ల ఆడమనిషికి విడిపోయి మళ్లీ పెళ్లి చేసుకునే దారి తెరిచి ఉంది. అదే సమయంలో ఆ డబ్బు కట్టేవాడు దొరికేదాకా ఆమె కదలలేకపోవడమూ ఉంది. రెండూ నిజమే.

మూడోది అన్నిటికన్నా బరువైనది. పైన నేను వేసిన లెక్కంతా మళ్లీ చదవండి. అన్న ఇల్లు, చెల్లెలి ఇల్లు, మామ వాటా, తండ్రి వాటా. పెళ్లికూతురు ఎక్కడ? ఆమెకు ఒక్క వరహా రాదు, ఆమె ఇష్టానికి లెక్కలో గడి లేదు. డబ్బు అడ్డం రాకుండా ఈడూ జోడూ చూసుకోవచ్చని నేను అన్నాను. చూసుకునేది పెద్దవాళ్లు, ఆమె కాదు. పుట్టకముందే ఎవరి ఇంటికి కోడలో నిర్ణయమైన పిల్ల మీద ఎనిమిది వరహాల హక్కు ఎంత న్యాయంగా పంచినా, అది ఆమె తలమీది హక్కే. ఓలిని అమ్మకం అనడం తప్పని చెప్పడం వేరు, అందులో ఆడపిల్లకు అన్యాయమే లేదని చెప్పడం వేరు. మొదటి మాట నేను ధైర్యంగా అంటాను, రెండోది అనను.

ఇప్పటి సంగతికి వస్తే, ఓలి పోయిన ఇళ్లలో దాని చోటు ఖాళీగా ఉండలేదు. కట్నం వచ్చి కూర్చుంది. ఉద్యోగం వచ్చిన మన కుర్రాళ్లకు ఇచ్చే కట్నాలు ఊళ్లో గొప్పగా చెప్పుకుంటున్నాం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం పెళ్లిలో ఒక పక్షం ఇంకో పక్షానికి ఇచ్చేదని రాసింది తప్ప, ఆడపిల్లవాళ్లు మగపిల్లవాళ్లకు అని మాత్రమే రాయలేదు. చట్టం సంగతి అలా ఉంచి, కట్నాన్ని కూడా మన పాత లెక్కలో పెట్టి చూడండి. ఓలిలో డబ్బు ఆడపిల్ల వెళ్లిన దారికి ఎదురుగా వచ్చేది. కట్నంలో పిల్లా డబ్బూ ఒకే దిక్కున వెళ్తాయి. ఇచ్చిన ఇంటికి తిరిగి వచ్చేది ఏదీ లేదు. ముగ్గురు కూతుళ్లున్న చెల్లెలి ఇంటికి ఓలి కాలంలో నలభై నాలుగు వరహాలు వచ్చేవి. కట్నం కాలంలో అదే ముగ్గురి కోసం మూడుసార్లు ఇవ్వాలి. కొడుకు ఉంటే కొంత రాబట్టుకుంటుంది. లేకపోతే అప్పే. ఓలిలో అంకె అందరికీ ఒకటి. కట్నంలో కుర్రాడి చదువు, ఉద్యోగం, పొలం చూసి ఎవరి రేటు వారిది. సంతలో ధర లాంటిది ఏదైనా ఉంటే అది ఇదే, ఇరవై వరహాలు కాదు.

మరి మామ ఏమయ్యాడు? అతను పందిట్లోంచి పోలేదు. తెలుగునాట చాలా కులాల పెళ్లిళ్లలో పెళ్లికూతుర్ని వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామలు పీటల దగ్గరికి మోసుకొస్తారు. ఆ గంప అల్లింది చాలా ఊళ్లలో మన దబ్బ ఎరుకలవాళ్లే, అది వేరే ముచ్చట. మామ బట్టలు పెడతాడు, చదివింపుల్లో అతని పేరు ముందు చదువుతారు. అంటే గౌరవం మిగిలింది, వాటా పోయింది. ఒకప్పుడు మొదటి ఇద్దరు మేనకోడళ్లను బయటివాళ్లకు ఇస్తే ఎనిమిదేసి వరహాలు పుచ్చుకుని వెళ్లిన మనిషి ఇప్పుడు కట్నం కూడడానికి తన వంతు వేస్తున్నాడు. చెల్లెలి కూతురు చక్కగా స్థిరపడాలన్న తాపత్రయం అతనికి ఇప్పటికీ ఉంది. దానికి అప్పట్లో లెక్కలో జమ ఉండేది, ఇప్పుడు ఖర్చుంది.

చదివింపుల పుస్తకం మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే నడుస్తోంది. ఎవరెంత చదివించారో రాసి, ఇనప్పెట్టెలో దాచి, వాళ్లింట్లో పెళ్లి వచ్చినప్పుడు తీసి చూసి, అంతకు కాస్త కలిపి చదివిస్తాం. తక్కువ చేస్తే మాట వస్తుంది. రెట్టింపు చేస్తే వాళ్లను ఇరకాటంలో పెట్టినట్టు అవుతుంది. మోస్ చెప్పిన మూడు బాధ్యతలూ ఆ నోటు పుస్తకంలో చేతిరాతతో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటివి పాతవి ఉంటే పారేయకండి. వాటిలో మేనమామ పేరు ఎదుట ఏ ఏట ఎంత రాశారో, ఎప్పటినుంచి పెళ్లికొడుకు తరఫు ఓలి మాట ఆగిపోయి కట్నం మాట మొదలైందో వరసగా చూసుకోవచ్చు. థర్‌స్టన్ పుస్తకంలో ఒక పేరా ఉంది. ఆ తర్వాతి వందేళ్ల లెక్క ఇళ్లలోని నోటు పుస్తకాల్లోనూ, ఎనభై దాటిన అమ్మమ్మల నోట్లోనూ ఉంది. వాళ్లను అడిగేటప్పుడు "ఓలి ఎంత?" అని ఆపకండి. "అందులో మీ మామ ఎంత తీసుకున్నాడు, ఏ రోజున తీసుకున్నాడు, నిన్ను ఎవరైనా అడిగారా?" అని కూడా అడగండి.